ఎండోస్కోపీ నార్మల్, గ్యాస్ మాత్రలు పనిచేయట్లేదు, తిన్నది తిన్నట్టే పైకొస్తోంది

ప్రశ్న: మా వారికి 38 ఏళ్ళండి, కూకట్‌పల్లిలో ఉంటాం. ఎనిమిది నెలల నుంచి తిన్నది ఛాతీ మధ్యలో ఆగిపోతోంది అంటున్నారు, నీళ్ళు తాగినా ఒక్కోసారి అంతే. రాత్రి పడుకుంటే సాయంత్రం తిన్న మెతుకులు అట్లాగే నోట్లోకి వస్తాయి. ఛాతీ పట్టేసినట్టు ఉంటే ఈసీజీ, 2డీ ఎకో చేయించాం, బానే ఉన్నాయి. ఎండోస్కోపీ నార్మల్. గ్యాస్ అని పాంటాప్రజోల్, డోమ్‌పెరిడోన్ ఇస్తున్నారు, ఏం తేడా లేదు, బరువు కూడా తగ్గారు. ఇంకెవరికి చూపించాలి?

జవాబు:

నేను డాక్టర్‌ని కాదండి, ముందే చెప్తున్నా. ఇక్కడే ఒక గ్యాస్ట్రో హాస్పిటల్‌లో మోటిలిటీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అంటే ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి ఫుడ్ పైపు ఎట్లా పనిచేస్తుందో కొలుస్తాం కదా, ఆ పని. చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నా కాబట్టి మీరు రాసింది చదవగానే ఒకటే గుర్తొచ్చింది, అకలేజియా కార్డియా. అదే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, కానీ అది అవునో కాదో తేల్చే టెస్టులు రెండున్నాయి, మీరు రాసినదాన్ని బట్టి ఆ రెండూ ఇంకా అవ్వలేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తా. ఫుడ్ పైపు చివర, పొట్టలోకి దిగే చోట గుండ్రంగా ఒక కండరం ఉంటుంది, అది మామూలుగా బిగుసుకునే ఉంటుంది, మనం మింగినప్పుడు మాత్రం కొన్ని సెకన్లు వదులై ముద్దని కిందికి పంపి మళ్ళీ బిగుసుకుంటుంది. అట్లా వదులవ్వమని చెప్పే నరాల కణాలు ఆ పైపు గోడలోనే ఉంటాయి, ఈ జబ్బులో ఆ కణాలు మెల్లమెల్లగా పోతాయి. ఎందుకు పోతాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, మన ఇమ్యూనిటీయే వాటి మీద పడుతుందని ఎక్కువమంది అనుకుంటారు. మసాలా తిన్నందుకో టెన్షన్ వల్లో వచ్చేది కాదు, కాబట్టి ఇంట్లో ఆయన్ని బయట తిండి గురించి సతాయించకండి. కణాలు పోయాక రెండు పనులు ఒకేసారి ఆగిపోతాయి, కింద కండరం వదులవ్వదు, పైన పైపు కూడా అలలాగా నొక్కుతూ ముద్దని తోయడం మానేస్తుంది. ఇక తిన్నది పైపులోనే నిలబడిపోతుంది, పైన ఇంకో ముద్ద, ఇంకో గ్లాసు నీళ్ళు పడి ఆ బరువుకి కొంచెం కొంచెం దిగుతుంది. అందుకే ఈ పేషెంట్లు ప్రతి ముద్దకీ నీళ్ళు తాగుతారు, కొంతమంది తింటూ తింటూ లేచి నిలబడతారు, చేతులు పైకెత్తి ఛాతీ సాగదీస్తారు. మీ వారు ఇట్లాంటివి ఏమైనా చేస్తున్నారా చూడండి, చాలామంది తమకే తెలియకుండా అలవాటు చేసుకుంటారు.

మరి గ్యాస్ అని ఎందుకు అంటారు అంటే, పైకి వస్తోంది అనగానే ఎవరికైనా ముందు తట్టేది అసిడిటీ, అదేమో ఊర్లో సగం మందికి ఉంటుంది, ఇది కొత్తగా వచ్చేది ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో. కాబట్టి మొదటి డాక్టర్ మాత్ర రాయడంలో నాకు తప్పేం కనబడదు, రెండు నెలలు డోసు సరిగ్గా వాడినా తేడా లేనప్పుడు అక్కడే ఆగిపోవడం తప్పు. తేడా పట్టుకోవడానికి నేను పేషెంట్లని అడిగేది ఒకటే, పైకొచ్చినప్పుడు నాలుకకి పుల్లగా చేదుగా తగిలిందా, లేక తిన్నప్పుడు ఉన్న రుచే ఉందా అని. యాసిడ్ అయితే పొట్టలోకి వెళ్ళి వచ్చింది కాబట్టి పులుపు, మంట. అకలేజియాలో అన్నం అసలు పొట్ట దాకా వెళ్ళలేదు, అందుకే మెతుకు మెతుకులానే, పప్పు పప్పులానే వస్తుంది, దాంతో పాటు తెల్లటి నురగ, జిగురు. వాంతిలాగా వికారం పెట్టి, పొట్ట నొక్కుకుని రాదు, వంగితేనో పడుకుంటేనో ఊరికే వచ్చేస్తుంది. కాకపోతే చాలా గంటలు పైపులోనే నిలవుంటే అక్కడే పులిసి మంట పుట్టొచ్చు, దాన్ని చూసి మళ్ళీ అసిడిటీ అనుకుంటారు, అక్కడ జర జాగ్రత్త.

ఇంకో గుర్తు మీరే రాశారు, నీళ్ళు కూడా ఆగుతున్నాయి అని. పైపులో గడ్డో మచ్చో ఉండి దారి సన్నబడితే ముందు చపాతీ, మాంసం ముక్క లాంటి గట్టివి ఆగుతాయి, చాలా రోజుల తర్వాతే నీళ్ళ దాకా వస్తుంది. కండరం వదులవ్వని జబ్బులో మాత్రం గట్టివీ నీళ్ళూ రెండూ మొదట్నుంచే ఇబ్బంది పెడతాయి.

ఎండోస్కోపీ నార్మల్ అన్నదాని గురించి. ఎండోస్కోపీ చూసేది లోపలి పొరని, పుండు ఉందా గడ్డ ఉందా అని. కండరం మింగినప్పుడు వదులవుతోందా లేదా అన్నది కెమెరాకి సరిగ్గా కనబడదు, జబ్బు మొదట్లో అయితే పైపు ఇంకా వెడల్పు కూడా కాదు కాబట్టి స్కోప్ కొంచెం నొక్కగానే పొట్టలోకి దిగిపోతుంది, రిపోర్ట్ నార్మల్ అని వస్తుంది. అట్లాగని అది దండగ టెస్టు కాదు, క్యాన్సర్ లేదని చూసుకోవడానికి అదే కావాలి. పైపు, పొట్ట కలిసే చోట క్యాన్సర్ వచ్చినా అచ్చం అకలేజియాలాగే కనబడొచ్చు, ముఖ్యంగా 55 దాటినవాళ్ళలో, తక్కువ నెలల్లో బాగా బరువు తగ్గినవాళ్ళలో, అప్పుడు సీటీ స్కానో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండో కూడా చేయిస్తారు. మీ వారి వయసుకి ఆ అనుమానం తక్కువే, అయినా ఎంత బరువు ఎన్నాళ్ళలో తగ్గారో డాక్టర్‌కి కచ్చితంగా చెప్పండి.

ఇప్పుడు చేయించాల్సిన రెండు టెస్టులు. ఒకటి టైమ్డ్ బేరియం స్వాలో. నిలబెట్టి ఒక కప్పు బేరియం మందు, అరనిమిషంలో తాగగలిగినంత తాగమంటారు, తర్వాత 1, 2, 5 నిమిషాలకి ఎక్స్‌రే తీస్తారు. మామూలు మనిషిలో 1 నిమిషానికే దాదాపు ఖాళీ అయిపోతుంది. అకలేజియాలో 5 నిమిషాల తర్వాత కూడా మందు నిలబడి ఉంటుంది, ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు ఉందో స్కేలు పెట్టి రాస్తారు, కింద చివర పక్షి ముక్కులాగా సన్నగా కనబడుతుంది. రాసేటప్పుడు ‘టైమ్డ్’ అని రాయించుకోండి, ఉత్త బేరియం స్వాలో అని రాస్తే కొన్నిచోట్ల రెండు ఫొటోలు తీసి పంపించేస్తారు, ఎత్తు ఎంతో ఉండదు, ట్రీట్‌మెంట్ తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

రెండోది మేం చేసేది, హై రిజల్యూషన్ మానోమెట్రీ. పేరుకి భయపడతారు కానీ మత్తు కూడా ఉండదు. ముక్కులో లిగ్నోకైన్ జెల్లీ రాసి పెన్ను రీఫిల్ కంటే కొంచెం లావుగా ఉండే ట్యూబ్‌ని పొట్ట దాకా దింపుతాం, గొంతు దాటేటప్పుడు ఒక్క నిమిషం వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది, కళ్ళలో నీళ్ళొస్తాయి, అప్పుడు కంగారుపడి లాగేయకుండా చిన్న చిన్నగా నీళ్ళు మింగుతూ ఉంటే దిగిపోతుంది. ఆ తర్వాత పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల నీళ్ళు పదిసార్లు మింగిస్తాం. ట్యూబ్ పొడవునా సెన్సార్లు ఉంటాయి, వాటి ప్రెషర్ అంతా స్క్రీన్ మీద రంగుల్లో వస్తుంది, తక్కువ ప్రెషర్ నీలం, పెరిగేకొద్దీ పచ్చ, పసుపు, ఎరుపు. మామూలు మనిషి మింగితే పైనుంచి కిందికి ఒక ఏటవాలు పట్టీ దిగుతుంది, అదే సమయంలో అడుగున ఆ గుండ్రటి కండరం, అంటే వాల్వు ఉన్న చోట పచ్చగా ఉన్నది కాసేపు నీలం అవుతుంది. అకలేజియాలో ఆ అడుగు పచ్చ గీత ఎన్నిసార్లు మింగినా నీలంలోకి మారదు. ఆ వదులవ్వకపోవడాన్ని ఒక నంబర్‌గా ఇస్తారు, ఐఆర్‌పీ అంటారు, ఎక్కువగా వాడే ఒక రకం మెషీన్‌లో 15 దాటితే తేడా ఉన్నట్టు, మెషీన్‌ని బట్టి ఆ హద్దు మారుతుంది.

రిపోర్ట్‌లో టైప్ 1, 2, 3 అని కూడా రాస్తారు, అది ఊరికే రాసేది కాదు, ట్రీట్‌మెంట్ దాని మీదే ఆధారపడుతుంది. మూడింట్లోనూ వాల్వు వదులవ్వదు, తేడా అంతా పైన పైపు ఏం చేస్తోంది అన్నదాంట్లో. టైప్ 1లో పైపు పూర్తిగా చప్పబడిపోయి ఉంటుంది, స్క్రీన్ మీద నీలం తప్ప ఏం రాదు. టైప్ 2లో కింద దారి లేక లోపల ప్రెషర్ ఒకేసారి పైపు మొత్తం పెరుగుతుంది, పైనుంచి కింద దాకా ఒకే రంగులో నిలువు గీత వస్తుంది, దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. ఏ ట్రీట్‌మెంట్‌కైనా బాగా లొంగేది ఇదే. టైప్ 3లో పైపు కింది భాగం కూడా అడ్డదిడ్డంగా పట్టేస్తుంది, ఛాతీ నొప్పి ఎక్కువ ఉండేవాళ్ళలో ఇది కనబడుతూ ఉంటుంది, బెలూన్ పెట్టి వాల్వుని సాగదీసే ట్రీట్‌మెంట్‌తో సరిగ్గా తగ్గదు.

ఒక పేషెంట్ సంగతి చెప్తా, మీకు లెక్క అర్థమవుతుంది. ఉప్పల్ వైపు టైలరింగ్ షాపు ఉన్న అన్న, నలభై దాటాయి. ఏడాదిన్నర పైగా గ్యాస్ మాత్రలు, రాత్రుళ్ళు దగ్గు వస్తోందని మధ్యలో ఇంకెవరో ఆస్తమా అని ఇన్‌హేలర్ కూడా ఇచ్చారు. ఆ దగ్గు ఆస్తమా కాదు, పడుకున్నాక పైపులో ఉన్నది ఊపిరితిత్తుల వైపు పోవడం వల్ల. పొద్దున లేచేసరికి దిండు మీద మరకలు ఉండేవంట. మనిషి షాపులో అందరితో కలిసి తినడం మానేసి వెనక గదిలో తినేవాడు, "ముద్ద ఈడ ఆగుతది సార్, నీళ్ళు పోస్తే గుడుగుడుమని దిగుతది, ఒక్కోసారి నీళ్ళతో కలిసి మీదికే వస్తది" అని ఛాతీ మీద వేలు పెట్టి చూపించాడు.

దీనికి ఎకార్డ్ స్కోర్ అని ఒక లెక్క ఉంది, నాలుగు విషయాలు, ఒక్కోదానికి 0 నుంచి 3. ఆయన ప్రతి పూటా ముద్ద ఆగుతోంది కాబట్టి 3, రోజూ పైకి వస్తోంది కాబట్టి 2, ఛాతీ నొప్పి అప్పుడప్పుడూ కాబట్టి 1, బరువు 6 కిలోలు తగ్గాడు, 5 నుంచి 10 మధ్య అయితే 2. మొత్తం 12కి 8. 3 దాటితే జబ్బు బాగా ఇబ్బంది పెడుతున్నట్టు లెక్క. మీ వారికి కూడా ఇట్లాగే వేసి కాగితం మీద రాసుకుని వెళ్ళండి, ‘తిన్నది పడట్లేదు’ అనేదానికన్నా ఇది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. బేరియంలో 5 నిమిషాలకి 13 సెంటీమీటర్లు నిలబడింది, మా దగ్గర ఐఆర్‌పీ 29 వచ్చింది, టైప్ 2.

ట్రీట్‌మెంట్ విషయానికి వస్తే, పోయిన నరాల కణాల్ని తిరిగి తెచ్చే మందు లేదు. అందుకే డోమ్‌పెరిడోన్ ఎన్నాళ్ళు వాడినా దీనికి పనిచేయదు. నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్, నిఫెడిపిన్ లాంటివి కాసేపు కండరాన్ని కొంచెం వదులు చేస్తాయి కానీ తలనొప్పి, బీపీ పడిపోవడం, పైగా లాభం కొంచెమే. బొటాక్స్ ఇంజెక్షన్ ఎండోస్కోపీలో వేస్తారు, ఆరు నెలలో ఏడాదో పనిచేసి పోతుంది, ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్ళకి సరే, 38 ఏళ్ళ మనిషికి ఎవరైనా అదే మొదట చెప్తే నేనైతే ఇంకో ఒపీనియన్ తీసుకుంటా. మిగిలినవన్నీ ఆ బిగిసిన కండరాన్ని సాగదీయడమో కోయడమో.

సాగదీసేది బెలూన్, 30 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి సరిపోకపోతే 35కి వెళ్తారు. ఖర్చు తక్కువ, త్వరగా ఇంటికి పంపిస్తారు, కానీ కొన్నేళ్ళకి మళ్ళీ చేయాల్సి రావొచ్చు, నూటికి ఒకరిద్దరికి పైపు చిల్లు పడే ప్రమాదం ఉంది, అందుకే చేశాక నొప్పి పెరుగుతున్నా జ్వరం వచ్చినా ఇంట్లో పారాసెటమాల్ వేసి కూర్చోకుండా వెంటనే వెనక్కి వెళ్ళాలి. కోసేది రెండు రకాలు. ఒకటి ల్యాప్రోస్కోపీలో పొట్ట వైపు నుంచి, హెల్లర్ ఆపరేషన్ అంటారు, 1913లో జర్మనీలో హెల్లర్ అనే సర్జన్ మొదట చేశాడు, ఇప్పుడు దాంతో పాటే పొట్ట పైభాగాన్ని కొంచెం చుట్టి కుట్టేస్తారు, యాసిడ్ పైకి రాకుండా. ఇంకోటి పోయెమ్, నోట్లోంచే ఎండోస్కోప్ పంపి, పైపు గోడలో సొరంగంలాగా దారి చేసుకుని లోపలి నుంచే కండరం కోసి, పైన చేసిన కోతని క్లిప్పులతో మూసేస్తారు, బయట ఒక్క గాటు ఉండదు. 2008లో జపాన్‌లో ఇనోవే అనే డాక్టర్ మనుషుల మీద మొదలుపెట్టారు. మన హైదరాబాద్‌లో ఇది బాగానే జరుగుతుంది, గచ్చిబౌలి ఏఐజీ హాస్పిటల్ నుంచే దీని మీద చాలా రీసెర్చ్ పేపర్లు వచ్చాయి. టైప్ 3 అయితే పోయెమ్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే పట్టేసిన భాగం ఎంత పొడవుంటే అంత పైదాకా కోయొచ్చు, పొట్ట వైపు నుంచి అంత ఎత్తుకి అందదు.

అయితే పోయెమ్‌కి ఒక మెలిక ఉంది, దాన్ని ముందే అడగండి. కండరం కోసేశాక చుట్టి కుట్టడం ఉండదు కాబట్టి యాసిడ్ పైకి రావడం ఎక్కువ. 2019లో ఈ రెండింటినీ పోల్చిన పెద్ద ట్రయల్ వచ్చింది, రెండేళ్ళ తర్వాత మింగుడు బాగున్నవాళ్ళు పోయెమ్‌లో 83 శాతం, హెల్లర్‌లో దాదాపు 82, అంటే సమానమే, కానీ ఎండోస్కోపీలో యాసిడ్ పుండ్లు కనబడినవాళ్ళు పోయెమ్‌లో 44 శాతం, హెల్లర్‌లో 29. ఇప్పుడు దండగగా మింగుతున్న ఆ పాంటాప్రజోల్ అప్పుడు నిజంగానే అవసరం పడొచ్చు. ఇది తెలియక, ఆపరేషన్ అయ్యాక కూడా మాత్ర రాశారేంటని మానేసినవాళ్ళని చూశా.

ఆ టైలర్ అన్నకి మూడూ వివరించి చెప్పారు, టైప్ 2 కాబట్టి ఏదైనా పనిచేస్తుందని. మళ్ళీ మళ్ళీ బెలూన్‌కి రావడం కుదరదు, కుట్టు పని కదా వంగి కూర్చోవాలి అని పోయెమ్‌కి వెళ్ళాడు. మూడు నెలలకి ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు స్కోర్ 8 నుంచి 2, బేరియం 5 నిమిషాలకి 2 సెంటీమీటర్లే, ఐఆర్‌పీ 10. అన్నం మింగుతున్నాడు, దగ్గు పోయింది, ఇన్‌హేలర్ డాక్టర్ ఆపేశారు. చపాతీ మాత్రం ఇంకా నెమ్మదిగానే, ఎందుకంటే కింద తలుపు తెరిచారు కానీ పైపు తోసే శక్తి తిరిగి రాలేదు, బరువు మీద దిగడమే. ఛాతీ నొప్పి అప్పుడప్పుడూ ఉంది, నాలుగు లక్షణాల్లో తగ్గడానికి మొండికేసేది అదే, దాని గురించి ముందే తెలిసి ఉంటే ఆపరేషన్ ఫెయిల్ అయిందని భయపడరు.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికే, కానీ మానోమెట్రీ ఉన్న చోటికి. గవర్నమెంట్ వైపు నిమ్స్, ఉస్మానియా, గాంధీలో గ్యాస్ట్రో డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, వెళ్ళేముందు మెషీన్ నడుస్తోందా, ఏ రోజుల్లో చేస్తున్నారు అని కనుక్కోండి. ఓపీలో ‘గ్యాస్ తగ్గట్లేదు’ అని మొదలుపెట్టకండి, అట్లా అంటే ఇంకో మాత్ర రాస్తారు. ‘నీళ్ళూ గట్టివీ రెండూ ఆగుతున్నాయి, అరగని అన్నం వస్తోంది, మాత్రలకి తగ్గలేదు, అకలేజియా చూస్తారా’ అని అడగండి.

టెస్టుకి ముందు రోజు ఉత్త ద్రవాలే ఇవ్వండి, ఆ తర్వాత ల్యాబ్‌వాళ్ళు చెప్పినన్ని గంటలు ఖాళీ కడుపు. మామూలు పేషెంట్‌కి ఆరు గంటలు చాలు, వీళ్ళకి నిన్నటి అన్నం కూడా పైపులో ఉండొచ్చు. ఎండోస్కోపీ గానీ మత్తు గానీ ఇచ్చేటప్పుడు అయితే ఈ మాట మత్తు డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నడుం నొప్పికో దేనికో ట్రామడాల్ లాంటి మందులు వాడుతుంటే అది కూడా చెప్పాలి, అవి రోజూ వాడేవాళ్ళలో రిపోర్ట్ అచ్చం అకలేజియాలాగా రావొచ్చు. బీపీ, గుండె మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌ని అడిగే.

ఈలోపు రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోయి పడుకోవడానికి మూడు నాలుగు గంటల గ్యాప్ ఉండేట్టు చూడండి, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, ఉత్త దిండ్లు పెంచితే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు. సాంబార్‌లో నానిన ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, జావ నడుస్తాయి, గోరువెచ్చటి నీళ్ళు చాలామందికి చల్లనీళ్ళ కంటే హాయిగా దిగుతాయి. మాత్రలు పైపులో ఇరుక్కుని పుండు చేస్తాయి కాబట్టి సిరప్ ఉంటే సిరప్ అడగండి. ఉమ్ము కూడా దిగకపోయినా, రాత్రి పొలమారాక జ్వరం ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఛాతీ నొప్పి చెమటలతోనో ఎడమ చేతికి పాకుతూనో వస్తే, పాత ఈసీజీ నార్మల్ కదా అని ఊరుకోకుండా మళ్ళీ తీయించండి. రిపోర్ట్ వచ్చాక ఐఆర్‌పీ, టైప్ ఎంతో ఇక్కడే రాయండి, ఏం అడగాలో చెప్తా.